లక్షల నుంచి మిలియన్లకు: సూరత్ లెక్కల్లో రౌండింగ్ చిక్కు

2011 జనగణన తాత్కాలిక లెక్కల ప్రకారం సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా 44,62,002. ఈ సంఖ్యను విదేశీ పాఠకుల కోసం మిలియన్లలో, దశాంశం లేకుండా చెప్పాలనుకుందాం. ఒకరు అసలు సంఖ్యను తీసుకుని లెక్కవేస్తే 4 మిలియన్లు వస్తుంది. మరొకరు స్లైడు మీద ఉన్న "45 లక్షలు" అన్న అంకెను తీసుకుని లెక్కవేస్తే 5 మిలియన్లు వస్తుంది. ఇద్దరూ బడిలో నేర్పిన పద్ధతినే పాటించారు. కూడికలోగాని, భాగహారంలోగాని ఎవరూ పొరపాటు చేయలేదు. అయినా ఇద్దరి మధ్య తేడా పది లక్షల మంది.

ఇలాంటి తేడా ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి సూరత్ మంచి ఉదాహరణ. వజ్రాల సానకు, నేత మగ్గాలకు పేరుపొందిన నగరం అది. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా పనిచేస్తున్నాయి. విదేశీ కొనుగోలుదార్లు, పెట్టుబడిదార్లు, పరిశోధకులు వచ్చిపోయే చోటు కాబట్టి నగరం గురించిన లెక్కలు లక్షల్లో, కోట్లలో తయారై మిలియన్లలోకి మారుతూ ఉంటాయి. ఆ మార్పిడిలో గుణకారం చాలా తేలిక. రౌండింగ్ దగ్గరే, అంటే సంఖ్యను దగ్గరి లక్షకో కోటికో సవరించే దగ్గరే, జాగ్రత్త కావాలి.

ఒక్క స్థానమే తేడా

ముందుగా మార్పిడి సంగతి. లక్ష అంటే 1 పక్కన అయిదు సున్నాలు, మిలియన్ అంటే ఆరు, కోటి అంటే ఏడు. మిలియన్ సరిగ్గా ఈ రెండింటి మధ్యలో ఉంది. అందుకే లక్షల్లో ఉన్న సంఖ్యను మిలియన్లలోకి మార్చాలంటే దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరపాలి. కోట్లలో ఉన్నదాన్ని మార్చాలంటే ఒక స్థానం కుడికి జరపాలి. 45 లక్షలు 4.5 మిలియన్లు అవుతాయి, 4.5 కోట్లు 45 మిలియన్లు అవుతాయి.

ఒకే స్లైడులో కొన్ని అంకెలు లక్షల్లోనూ కొన్ని కోట్లలోనూ ఉన్నప్పుడు బిందువు ఎటు జరపాలో తడబడే అవకాశం ఉంది. లక్షలను కోట్లనుకుని మారిస్తే జవాబు వంద రెట్లు పెరుగుతుంది, కోట్లను లక్షలనుకుంటే వందో వంతుకు పడిపోతుంది. అంత పెద్ద తప్పు సాధారణంగా కంటికి కనబడుతుంది. సూరత్ జనాభా 450 మిలియన్లని రాస్తే ఎవరైనా ఆగి చూస్తారు. రౌండింగ్ తప్పు అలా కాదు. 4 అన్నా, 5 అన్నా వినేవారికి రెండూ నమ్మదగినవిగానే ఉంటాయి. పట్టుబడకుండా ముందుకు సాగిపోయేది ఈ రెండో రకం తప్పే.

కామాలు పెట్టే చోటు కూడా మారుతుందని గుర్తుంచుకోవాలి. మనం 44,62,002 అని రాసేదాన్ని బయటి దేశాల్లో 4,462,002 అని రాస్తారు. సంఖ్య ఒక్కటే. కాని మన పద్ధతిలో కామాలున్న అంకెను చూసి విదేశీ పాఠకుడు ఎక్కడో ఒక అంకె జారిపోయిందని అనుకోవచ్చు. పూర్తి సంఖ్యను ఇచ్చేటప్పుడు కామాలను కూడా మార్చే ఇవ్వాలి.

రెండు మెట్లలో సవరించినప్పుడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 44,62,002ను దగ్గరి లక్షకు సవరిద్దాం. 44 లక్షల తరువాత మిగిలింది 62,002. అది యాభై వేలకన్నా ఎక్కువ కాబట్టి పై లక్షకు వెళ్లాలి, 45 లక్షలు వస్తుంది. ఇది సరైన సవరణే. బిందువును ఒక స్థానం జరిపితే 4.5 మిలియన్లు. ఇదీ సరైనదే. దీన్ని మళ్లీ దగ్గరి మిలియన్‌కు సవరిస్తే, సరిగ్గా సగం ఉంది కనుక పైకి తీసుకెళ్లి 5 అంటాం. కాని అసలు సంఖ్యలో 4 మిలియన్ల తరువాత మిగిలింది 4,62,002 మాత్రమే. అది అర మిలియన్‌కు, అంటే అయిదు లక్షలకు, తక్కువ. నేరుగా సవరిస్తే 4 మిలియన్లే రావాలి.

మొదటి మెట్టులో సంఖ్య దాదాపు 38 వేలు పెరిగి సరిగ్గా సగం గీత మీదికి వచ్చింది. రెండో మెట్టులో ఆ గీత మీద ఉన్నదాన్ని పైకి నెట్టేశాం. మొదటి మెట్టులో కలిపిన 38 వేలు నిజం కాదన్న సంగతి రెండో మెట్టుకు తెలియదు. రెండుసార్లు సవరించడంలోని చిక్కు ఇదే.

ప్రతి సంఖ్యకూ ఇలా జరగదు. అదే జనగణనలో హైదరాబాద్ నగరపాలక సంస్థ జనాభా 68,09,970. దగ్గరి లక్షకు 68 లక్షలు, అంటే 6.8 మిలియన్లు, దాన్ని సవరిస్తే 7 మిలియన్లు. నేరుగా చేసినా 7 వస్తుంది. లక్షలకు సవరించి ఆపైన మిలియన్లకు సవరించినప్పుడు చిక్కు వచ్చేది సగం గీతకు కాస్త దిగువన, అర లక్ష వెడల్పున్న పట్టీలో పడిన సంఖ్యలకే. 44.5 లక్షల నుంచి 45 లక్షల దాకా, 54.5 నుంచి 55 దాకా, ఇలా ప్రతి పది లక్షల్లోనూ ఒక అర లక్ష. సంఖ్యలు సమానంగా పరుచుకుని ఉంటాయనుకుంటే ఇరవైలో ఒకటి ఈ పట్టీలో పడుతుంది. సూరత్ ఆ ఇరవైలో ఒకటి అయింది. ఇరవై అంకెలున్న నివేదికలో ఇలాంటిది ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువన్నమాట.

భారతీయ ప్రమాణాల సంస్థ ఈ విషయంలో ఎప్పుడో నియమం పెట్టింది. సంఖ్యలను సవరించడానికి అది ఐఎస్ 2 అనే ప్రమాణాన్ని రూపొందించింది. అందుబాటులో ఉన్న అత్యంత ఖచ్చితమైన విలువ నుంచి ఒకే మెట్టులో సవరించాలని, వరుస సవరణలు చేయకూడదని అది చెబుతుంది. స్లైడు తయారుచేసేవారికి దీని అర్థం ఒక్కటే. స్లైడు మీద ఉన్న "45 లక్షలు" నుంచి కాకుండా, ఆ స్లైడుకు ఆధారమైన పట్టికలోని 44,62,002 నుంచి మొదలుపెట్టాలి. పట్టిక దొరకకపోతే 4.5 మిలియన్ల దగ్గరే ఆగిపోవాలి, ఇంకో మెట్టు ఎక్కకూడదు.

సరిగ్గా సగం ఉన్నప్పుడు

పై ఉదాహరణలో 4.5ను పైకి తీసుకెళ్లాం. అలాగే చేయాలన్న నిర్బంధం ఏమీ లేదు. బడిలో సగాన్ని ఎప్పుడూ పైకే తీసుకెళ్లమంటారు. ఐఎస్ 2 నియమం వేరు. వదిలేసే భాగం సరిగ్గా సగమైతే, మిగిలే చివరి అంకె సరి సంఖ్య అయ్యేలా చూడమంటుంది. దాని ప్రకారం 4.5 అయితే 4, 5.5 అయితే 6. పెద్ద పట్టికలో సగాలన్నిటినీ పైకే నెట్టుకుంటూ పోతే మొత్తం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. కొన్నిటిని పైకి, కొన్నిటిని కిందికి పంపితే ఆ వాలు పోతుంది.

కంప్యూటర్ సాధనాలు కూడా ఈ విషయంలో ఒకే మాట మీద లేవు. ఎక్సెల్‌లో `=ROUND(4.5,0)` అని రాస్తే 5 వస్తుంది. పైథాన్‌లో మాత్రం ఇలా వస్తుంది:

```
>>> round(4.5)
4
>>> round(5.5)
6
```

ఒకే కార్యాలయంలో ఒకరు ఎక్సెల్‌తో, ఇంకొకరు పైథాన్‌తో స్లైడులు తయారుచేస్తే "45 లక్షలు" ఒకచోట 5 మిలియన్లుగా, మరోచోట 4 మిలియన్లుగా కనిపించవచ్చు. ఏ సాధనం తప్పు అని వెతికితే జవాబు దొరకదు. రెండూ తమ తమ నియమాల ప్రకారం సరిగ్గానే పనిచేశాయి. సగం గీత మీద నిలబెట్టిన 4.5 అన్న అంకే నిజానికి కృత్రిమమైనది. అసలు సంఖ్య 4.462002ను ఇస్తే రెండు సాధనాలూ 4 అనే చెబుతాయి.

అయితే 4 అని రాయడం నిజాయతీ అవుతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. గణితం ప్రకారం అది సరైనదే. కాని సూరత్ జనాభాలో 4,62,002 మందిని అది మాయం చేస్తుంది. 5 అని రాస్తే లేని 5,37,998 మందిని కలుపుతుంది. ఇంత చిన్న సంఖ్యను పూర్ణాంకానికి కుదించడమే మోటు పని. 4.5 మిలియన్లు అంటే తప్పు 38 వేలకు తగ్గుతుంది, 4.46 అంటే రెండు వేలకు తగ్గుతుంది. ఒక్క దశాంశ స్థానం స్లైడులో తీసుకునే చోటు ఎంతో కాదు.

తప్పు ఎక్కడ తేలుతుంది

జనాభా అంకె ఒంటరిగా ఉన్నంతసేపు ఈ తేడా పెద్దగా కనిపించదు. దానితో మరొకదాన్ని భాగించినప్పుడు బయటపడుతుంది. నీటి సరఫరానే తీసుకుందాం. పట్టణ నీటి పథకాలకు మన దేశంలో వాడే ప్రమాణాల్లో, భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు, పెద్ద మహానగరాలకు 150 లీటర్లు అన్నవి పరిచితమైన అంకెలు. ఒక నగరం సరిగ్గా 44,62,002 మందికి మనిషికి 150 లీటర్ల చొప్పున ఇస్తోందని ఊహించుకుందాం. రోజుకు సుమారు 669 మిలియన్ లీటర్లు అవుతుంది. నీటి ఇంజినీర్లు మన దేశంలో కూడా సరఫరాను మిలియన్ లీటర్లలోనే చెబుతారు కాబట్టి ఈ అంకెను మార్చే పని లేదు. జనాభా అంకె మాత్రం లక్షల నుంచి మిలియన్లలోకి వస్తుంది.

ఇప్పుడు విదేశీ పాఠకుడు స్లైడు మీద చూసిన 669ను, పక్కనే ఉన్న "5 మిలియన్ల జనాభా"తో భాగిస్తాడు. మనిషికి 134 లీటర్లు వస్తుంది. 150 ప్రమాణాన్ని సరిగ్గా అందుకున్న నగరం, 135 ప్రమాణాన్ని కూడా అందుకోలేనట్టు కనబడుతుంది. "4 మిలియన్లు" అని రాసి ఉంటే మనిషికి 167 లీటర్లు వచ్చి, మిగులు ఉన్నట్టు కనబడుతుంది. నీళ్లు మారలేదు, మనుషులు మారలేదు. మారింది ఒక్క రౌండింగ్ మెట్టు.

పెరుగుదల శాతాల్లో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. 2001 జనగణనలో సూరత్ నగరపాలక సంస్థ జనాభా 24,33,835. పదేళ్లలో పెరిగింది 20,28,167 మంది, అంటే 83.3 శాతం. లక్షలకు సవరించిన 24, 45 అంకెలతో లెక్కవేస్తే 87.5 శాతం వస్తుంది. పూర్ణ మిలియన్లతో, అంటే 2 నుంచి 4కు అని లెక్కవేస్తే 100 శాతం, 2 నుంచి 5కు అనుకుంటే 150 శాతం. రెండు సంఖ్యల తేడా తీసినప్పుడు రెండింటిలోని తప్పులూ ఆ తేడాలోకి వచ్చి చేరతాయి. తేడా అసలు సంఖ్యలకన్నా చిన్నది కాబట్టి తప్పు దానిలో పెద్ద భాగం అవుతుంది. అందుకే శాతాలను, తేడాలను ముందు పూర్తి సంఖ్యలతో లెక్కవేసి, చివర ఒక్కసారి సవరించాలి. స్లైడులో "2.4 మిలియన్ల నుంచి 4.5 మిలియన్లకు, 83 శాతం పెరుగుదల" అని రాస్తే, పాఠకుడు తన కాలిక్యులేటర్‌లో వేసుకుని 87.5 వచ్చిందని అడగవచ్చు. "శాతం పూర్తి సంఖ్యలతో లెక్కించినది" అన్న చిన్న గమనిక ఆ ప్రశ్నకు జవాబు.

ఆ 83 శాతం వెనుక మరో సంగతి ఉంది. 2006లో సూరత్ నగర హద్దులను విస్తరించారు. సుమారు 112 చదరపు కిలోమీటర్ల నగరం 326 చదరపు కిలోమీటర్లు దాటింది. పెరిగిన జనంలో కొంత భాగం హద్దు జరగడం వల్ల లోపలికి వచ్చినవారు. ఎన్ని దశాంశ స్థానాలు ఇచ్చినా ఈ విషయం తెలియదు, మాటల్లో చెప్పాలి.

ఎవరు ముందు: సూరత్, కోల్‌కతా

పోలిక చూపించాలంటే ఎంత సన్నగా సవరించాలో ఆ పోలికే నిర్ణయిస్తుంది. 2011 తాత్కాలిక లెక్కల్లో కోల్‌కతా నగరపాలక సంస్థ జనాభా 44,86,679. సూరత్ కన్నా 24,677 ఎక్కువ. దేశంలో నగరాల వరుసలో కోల్‌కతా ఏడోది, సూరత్ ఎనిమిదోది. రెండింటినీ దగ్గరి లక్షకు సవరిస్తే రెండూ 45 లక్షలే, రెండూ 4.5 మిలియన్లే. స్లైడులో ఒకే అంకె ఉండి, పక్కన 7, 8 అన్న స్థానాలు ఉంటే చదివేవారికి అర్థం కాదు. 4.49, 4.46 అని ఇచ్చినప్పుడు వరుస నిలబడుతుంది. తేడా పాతిక వేలు అయినప్పుడు మెట్టు అంతకన్నా చిన్నదిగా ఉండాలి. రెండు దశాంశ స్థానాలంటే పది వేల మెట్టు, అది సరిపోతుంది.

అయితే ఈ పోలికనే చూసి సూరత్, కోల్‌కతా సమానమైన నగరాలని అనుకుంటే పెద్ద పొరపాటు. ఇవి నగరపాలక సంస్థల హద్దుల్లోని అంకెలు. చుట్టుపక్కల పట్టణాలను కలిపిన నగర సముదాయం చూస్తే సూరత్ 45,85,367 దగ్గరే ఉంటుంది, కోల్‌కతా 1,41,12,536కు వెళుతుంది. మిలియన్లలో 4.59, 14.11. ఇక సూరత్ జిల్లా మొత్తం జనాభా 6.1 మిలియన్లు. "సూరత్: 4.5 మిలియన్లు" అని ఒక స్లైడులో, "సూరత్: 6.1 మిలియన్లు" అని ఇంకో స్లైడులో కనిపిస్తే కారణం రౌండింగ్ కాదు, హద్దు. అంకె పక్కన "నగరపాలక సంస్థ పరిధి, 2011" అన్న మాటలు లేకపోతే సరైన రౌండింగ్ కూడా పాఠకుడిని కాపాడలేదు.

కోటి దగ్గర దాగిన సున్నా

లక్షల నుంచి మిలియన్లకు వెళ్లినప్పుడు దశాంశం పుడుతుంది, అందుకని జాగ్రత్త పడతాం. కోట్ల నుంచి మిలియన్లకు వెళ్లినప్పుడు సున్నా పుడుతుంది. అది ఎవరి దృష్టికీ రాదు. 2011 తాత్కాలిక లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,46,65,533. దగ్గరి కోటికి సవరించి "8 కోట్లు" అన్నారనుకుందాం. తెలుగు పాఠకుడు ఆ మాటను వదులుగానే తీసుకుంటాడు, ఏడున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్య ఎక్కడో అని. దాన్ని "80 మిలియన్లు" అని మార్చగానే రెండంకెల సంఖ్య అవుతుంది. చదివేవారు దాన్ని 79.5కూ 80.5కూ మధ్య ఉన్నదిగా తీసుకుంటారు. నిజం 84.7. మార్పిడి సరిగ్గానే ఉన్నా, అసలు అంకెలో లేని ఖచ్చితత్వం కొత్త అంకెకు వచ్చిపడింది.

భౌతికశాస్త్రంలో సార్థక అంకెలు అని చెప్పేది ఇక్కడ పనికొస్తుంది. "8 కోట్లు"లో సార్థక అంకె ఒక్కటే. "80 మిలియన్లు"లోని సున్నా స్థానం నింపడానికి వచ్చినదే తప్ప, కొలిచి చెప్పినది కాదు. పూర్తి సంఖ్య దొరికితే "85 మిలియన్లు" అని రాయాలి. దొరకకపోతే "సుమారు 80 మిలియన్లు, దగ్గరి 10 మిలియన్లకు సవరించినది" అని చెప్పాలి. దీనికి తలకిందులైన తప్పు లక్షల వైపు జరుగుతుంది. 45 లక్షలను "4.50 మిలియన్లు" అని రాయడం అలాంటిది. పట్టికలో మిగతా అంకెలకు రెండు దశాంశాలున్నాయని వరుస కోసం తగిలించిన ఆ సున్నా, జనాభాను పది వేల మెట్టు దాకా కొలిచామని చెబుతుంది. అసలు సంఖ్య ప్రకారం అక్కడ ఉండాల్సింది 4.46.

వజ్రాల బోర్స్ అంకెలు

2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ గురించి వార్తల్లో రెండు అంకెలు ఎక్కువగా వినిపించాయి. ఒకటి 67 లక్షల చదరపు అడుగులకు పైగా నిర్మిత విస్తీర్ణం, రెండోది సుమారు 3,400 కోట్ల రూపాయల ఖర్చు. అమెరికా రక్షణ శాఖ భవనం పెంటగాన్ కన్నా ఇది పెద్దదని కూడా రాశారు. పెంటగాన్ విస్తీర్ణం సుమారు 6.5 మిలియన్ల చదరపు అడుగులుగా చెబుతారు.

67 లక్షలు 6.7 మిలియన్లు అవుతాయి. పెంటగాన్‌తో తేడా 0.2 మిలియన్లు, అంటే రెండు లక్షల చదరపు అడుగులు. ఇప్పుడు బోర్స్ అంకెను మాత్రం "7 మిలియన్లు" అని సవరించి, పెంటగాన్ అంకెను 6.5గానే ఉంచితే తేడా అయిదు లక్షలకు పెరుగుతుంది. రెండింటినీ పూర్ణాంకాలకు సవరిస్తే, సగాన్ని పైకి తీసుకునే పద్ధతిలో రెండూ 7 అయి తేడా మాయమవుతుంది. పోలికలో ఉన్న అంకెలన్నిటినీ ఒకే మెట్టుకు సవరించాలి, ఆ మెట్టు తేడాకన్నా చిన్నదై ఉండాలి. ఒకదాన్ని మాత్రమే అనుకూలమైన వైపుకు సవరించడం లెక్క తప్పు కాదు, కాని చదివేవారిని తప్పుదారి పట్టించడమే.

"పైగా" అన్న చిన్న మాటకు కూడా లెక్క ఉంది. "67 లక్షలకు పైగా" అంటే 6.7 మిలియన్లకు పైగా అనవచ్చు. కాని సంఖ్యను పైకి సవరించిన తరువాత "పైగా" వాడితే అబద్ధం అవుతుంది. సూరత్ జనాభా 44.62 లక్షలు కాబట్టి "4.5 మిలియన్లకు పైగా" అనకూడదు. "దాదాపు 4.5 మిలియన్లు" అనవచ్చు, "4.4 మిలియన్లకు పైగా" అనవచ్చు. పైకి సవరిస్తే "దాదాపు", కిందికి సవరిస్తే "పైగా". ఈ రెండు మాటలూ తారుమారైతే అంకె సరిగ్గా ఉన్నా వాక్యం తప్పుతుంది.

ఇక ఖర్చు. 3,400 కోట్ల రూపాయలంటే 34,000 మిలియన్ల రూపాయలు, లేదా 34 బిలియన్లు. ఇక్కడ బిలియన్లే మంచివి. 34,000 అన్న అంకెలో మూడు సున్నాలు స్థానం నింపడానికి వచ్చినవి, 34లో అవి ఉండవు. డాలర్లు కావాలంటే 2023 డిసెంబరులో డాలరు విలువ సుమారు 83 రూపాయలు. 34,000ను 83తో భాగిస్తే కాలిక్యులేటర్ 409.6386 మిలియన్లు అని చూపుతుంది. స్లైడులో "409.64 మిలియన్ డాలర్లు" అని రాస్తే ఖర్చును పది వేల డాలర్ల దాకా లెక్కగట్టారన్న భావన కలుగుతుంది. నిజానికి 3,400 కోట్లు దగ్గరి వంద కోట్లకు చెప్పిన అంకె. అసలు ఖర్చు 3,350కూ 3,450కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, డాలర్లలో 404 నుంచి 416 మిలియన్ల దాకా. "సుమారు 410 మిలియన్ డాలర్లు" అన్నదే ఆ అంకె మోయగల భారం.

అదీ మారకపు విలువను ఒక్క నెలకు కట్టిపడేసినప్పుడే. నిర్మాణం కొన్నేళ్లపాటు సాగింది. 2017లో డాలరు 65 రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఆ లెక్కన ఇవే 34 బిలియన్ల రూపాయలు 520 మిలియన్ డాలర్లు దాటతాయి. రౌండింగ్ వల్ల వచ్చే తేడా ఆరు మిలియన్లయితే, ఏ ఏటి మారకం వాడారన్నదాని వల్ల వచ్చే తేడా వంద మిలియన్లు. అందుకని రూపాయల అంకెను ముందు పెట్టి, డాలర్ల అంకెను దాని పక్కన వాడిన మారకంతో, తేదీతో ఇవ్వాలి.

వెనక్కి తిప్పి చూడటం

స్లైడులోని అంకె నిజాయతీగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మిలియన్లలో రాసిన అంకె ఏ పరిధిని సూచిస్తుందో చూసి, ఆ పరిధిని వెనక్కి లక్షల్లోకి మార్చాలి. "4.5 మిలియన్లు" అంటే 4.45 నుంచి 4.55 దాకా, అంటే 44.5 నుంచి 45.5 లక్షల దాకా. అసలు సంఖ్య 44.62 లక్షలు అందులోనే ఉంది, కాబట్టి అంకె నిలబడింది. "5 మిలియన్లు" అంటే 45 నుంచి 55 లక్షల దాకా. 44.62 దాని బయట ఉంది, కాబట్టి ఎక్కడో రెండుసార్లు సవరించారన్నమాట.

పరీక్షలో రెండో భాగం ఉంది. పూర్తి సంఖ్య దొరకక సవరించిన అంకె నుంచే మొదలుపెట్టినప్పుడు, కొత్త అంకె సూచించే పరిధి పాతదాని పరిధికన్నా ఇరుకుగా ఉండకూడదు. "8 కోట్లు" 75 నుంచి 85 మిలియన్ల దాకా సూచిస్తుంది, "80 మిలియన్లు" 79.5 నుంచి 80.5 దాకా మాత్రమే. పరిధి పదో వంతుకు ఇరుకైంది, కాబట్టి "సుమారు" అన్న మాటా, మెట్టు ఎంతో చెప్పే గమనికా లేకుండా ఆ అంకెను వదలకూడదు.

ఈ పరీక్షలన్నీ దాటిన సూరత్ స్లైడులో చివరికి మిగిలేవి కొద్ది మాటలే. సూరత్ నగరపాలక సంస్థ పరిధి, 2011 జనగణన తాత్కాలిక లెక్కలు, 4.46 మిలియన్ల జనాభా. 2001తో పోలిస్తే 83 శాతం ఎక్కువ, మధ్యలో 2006లో నగర హద్దులు విస్తరించాయి. డైమండ్ బోర్స్ నిర్మిత విస్తీర్ణం 6.7 మిలియన్ల చదరపు అడుగులకు పైగా, ఖర్చు సుమారు 34 బిలియన్ల రూపాయలు, 2023 డిసెంబరు మారకంలో సుమారు 410 మిలియన్ డాలర్లు. అడుగున చిన్న అక్షరాల్లో పూర్తి సంఖ్య 4,462,002 ఉంటే, ఆ స్లైడును రేపు ఇంకెవరైనా మరో భాషలోకి, మరో ప్రమాణంలోకి మార్చాల్సి వచ్చినప్పుడు సవరించిన అంకెను మళ్లీ సవరించే అవసరం రాదు.